మా ఆయనకు నేనిచ్చిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్

ఒకప్పుడు నేను ఒక ఫ్యాక్టరీకి యజమానురాలిని. సంతకాలు పెట్టాల్సి వచ్చినప్పుడు తప్ప ఆ సంగతి నాకు గుర్తుండేది కాదు. మిగతా సమయమంతా బియ్యంలో రాళ్లు ఏరుతూ, పిల్లలను బడికి తోలుతూ ఉండేదాన్ని. ఫ్యాక్టరీ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఫలక్‌నుమాలో మా ఇంటి వెనుక ఒక రేకుల షెడ్డు, అందులో ట్యూబ్‌లైట్లకు పెట్టే చోకులు చుట్టే నాలుగు చేతి మిషన్లు, ఒక వార్నిష్ తొట్టి, ఒక ఓవెన్. పలకమీద మాత్రం 'ఇండస్ట్రీస్' అని ఉండేది. షెడ్డు పొడవు కంటే ఆ పేరు పొడవే ఎక్కువ అని ఇరుగుపొరుగు వాళ్లు నవ్వుకునేవారు.

దాన్ని పెట్టింది మా ఆయన. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, ఒక సర్కారు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సర్కారు నౌకరు సొంత వ్యాపారం చేయకూడదని రూలు. ఆ రూలు రాసినవాళ్లకు భార్యలు గుర్తుకు రాలేదని మా ఆయన సంబరపడి, చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషనూ, సేల్స్‌టాక్స్ నంబరూ నా పేర తీయించాడు. మా బస్తీలో అప్పట్లో అందరూ చేసే పనే ఇది. రెండు వీధులవతల ఉన్న పిండిగిర్నీ కూడా దాని యజమాని భార్య పేరుమీదే ఉండేది. ఆమె జన్మలో ఒక్కసారి కూడా ఆ గిర్నీ గడప దాటి లోపలికి పోలేదు. ఏడాది తిరిగేసరికి ఉస్మాన్‌గంజ్ గోదాములవాళ్లు చోకులు అడగడం మొదలుపెట్టారు. మా ఆయనకు ధైర్యమొచ్చి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. కాగితాలు మాత్రం నా పేరుమీదే ఉండిపోయాయి. మార్చాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి, ఆయనకు ఓపిక లేదు, నాకు తీరిక లేదు.

కొన్నేళ్లు బాగానే నడిచింది. తర్వాత కరెంటు కోతలొచ్చాయి. వాటికి తట్టుకున్నాం. రాగి తీగ ధర పెరిగింది. దానికీ తట్టుకున్నాం. ఆఖరుకు పెద్ద కంపెనీల చోకులు గ్యారంటీ కార్డుతో సహా దుకాణాలకు వచ్చాయి. దాంతో మాకు ఆర్డర్లు నిలిచిపోయాయి. చోకు చుట్టడానికి వచ్చే ఆడవాళ్లకు కూలీ మొత్తం లెక్క తేల్చి ఇచ్చి, మిషన్లు అమ్మి, షెడ్డుకు తాళం వేశాం. ఆ తర్వాత మా ఆయన రోజూ పొద్దున ఆ తాళం తీసి, ఖాళీ షెడ్డులో కాసేపు నిలబడి, మళ్లీ వేసి వచ్చేవాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది, దుఃఖమూ వచ్చేది. రెండూ ఒకేసారి వస్తే ఏం చేయాలో తెలియక గిన్నెలు గట్టిగా తోమేదాన్ని.

ఇంట్లో జీతమనే మాట వినబడి చాలా రోజులైంది. పిల్లల ఫీజుల కాలం దగ్గర పడుతోంది. ఆయనకు ఉద్యోగం రావాలి. అంతే విషయం.

ఆయన మొదటి బయోడేటా తనంతట తనే రాసుకున్నాడు. ఇంగ్లిషులో రాసినా తెలుగులో చెబితే ఇట్లా ఉంటుంది: "వ్యవస్థాపకుడు, యజమాని, సర్వాధికారి. కొనుగోలు, ఉత్పత్తి, అమ్మకం, ఆర్థికం, సిబ్బంది, ప్రజాసంబంధాలు, అన్ని విభాగాలకూ నేనే అధిపతిని." చదివి, "గిన్ని చేసినోనివి ఫ్యాక్టరీ ఎందుకు మూస్తివి?" అని అడిగాను. ఆయనకు కోపమొచ్చింది. అదే కాగితం కాపీలు కొట్టించి ఊళ్లో ఉన్న ఫ్యాక్టరీలన్నిటికీ పంపాడు. జవాబు రాలేదు. ఒక పంకాల ఫ్యాక్టరీవాళ్లు మాత్రం పిలిచారు. ఆయన ఇస్త్రీ బట్టలు వేసుకుని పోయాడు. పోయినంత తొందరగా తిరిగొచ్చాడు.

"ఏమన్నరు?" అన్నాను.

"మీరు మాలిక్ కదా, మా దగ్గర ఆల్‌రెడీ ఒక మాలిక్ ఉన్నడు అన్నరు."

ఆ మాట ఆయన నవ్వుతూనే చెప్పాడు, కానీ ఆ రోజు అన్నం సగంలోనే చేయి కడుక్కున్నాడు.

రెండో బయోడేటా శాలిబండ దగ్గర టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే మాస్టర్ సలహా. మా బస్తీలో పెళ్లికైనా నౌకరీకైనా బయోడేటా ఆయన దగ్గరే టైపు కొట్టించేవారు. రెంటికీ ఆయన దగ్గర ఒకటే నమూనా ఉండేది. పైన పేరు, ఆ కింద తండ్రి పేరు, గోత్రం, ఒంటిచాయ, ఎత్తు, ఆస్తిపాస్తులు, చివర 'సుగుణవంతుడు' అని ఒక ముక్క. పెళ్లిదైతే పైన దేవుడి పేరు కొట్టేవాడు, నౌకరీదైతే 'గౌరవనీయులైన అయ్యా' అని కొట్టేవాడు. అంతే తేడా.

"అరె భాయ్, మాలిక్ అని రాస్తే నౌకరీ ఎవడిస్తడు? వీడు రేపు మా మీదనే హుకుం చేస్తడు అనుకుంటరు. గా ముచ్చటే తీసెయ్. సర్కారు ఫ్యాక్టరీల నౌకరీ చేసినవ్ కదా, గది రాయ్, చాలు," అన్నాడట మాస్టర్.

"మరి గా తర్వాత ఏండ్లన్ని ఏం చేసినవ్ అంటే?" అని మా ఆయన అడిగాడట.

"బిమార్ ఉన్న అను."

మా ఆయన నిజంగానే ఆ మాట వినొచ్చాడు. టైపు చేసిన కాగితం నా చేతికిచ్చాడు. అందులో ఆయన చామనఛాయ, మంచి కుటుంబం, సొంత ఇల్లు, సుగుణవంతుడు. షెడ్డు లేదు, చోకులు లేవు. రాత్రి కరెంటు వచ్చేదాకా మేల్కొని, వచ్చాక ఒక్కొక్క చోకునూ దీపానికి తగిలించి గుయ్యిమంటుందా లేదా అని చెవి పెట్టి విన్న మనిషి ఆ కాగితంలో ఎక్కడా లేడు. ఒంట్లో బాగాలేని చామనఛాయ మనిషి ఒకడున్నాడు.

"నీకు సంబంధం చూస్తున్నరా, నౌకరీ చూస్తున్నరా?" అన్నాను. నాకు అప్పుడు నిజంగా కోపమొచ్చింది. మాస్టర్ మీద కాదు, మా ఆయన మీద. ఒకసారి అన్నీ నేనే అంటాడు, ఇంకోసారి నేనేమీ చేయలేదంటాడు. మధ్యలో ఒక మాట ఉంటుంది కదా, అది పట్టదు ఆయనకు.

అదే వారం పేపర్లో ఒక ప్రకటన పడింది. ఊరి అవతలి పక్క ఒక మోటార్ల ఫ్యాక్టరీలో తీగ చుట్టే వైండింగ్ సెక్షన్‌కు సూపర్‌వైజర్ కావాలి. పాత యజమాని ఇచ్చిన అనుభవ పత్రం జతచేయాలి. ఆ చివరి ముక్క దగ్గర ఆయన ఆగిపోయాడు.

"పాత యజమాని అంటే సర్కారు ఫ్యాక్టరీవాళ్లే. గప్పటి సర్టిఫికెట్ పెడితే నడుమ ఏండ్లు ఖాళీ పడ్తయ్. చోకులది రాస్తే సర్టిఫికెట్ ఎవరిస్తరు? నాకు నేనే ఇచ్చుకోవాల్నా?"

నేను బీరువాలోంచి రిజిస్ట్రేషన్ కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. యజమాని పేరు దగ్గర నా పేరుంది, దాని కింద నా సంతకముంది.

"నీ పాత యజమాని బతికే ఉంది. వంట చేస్తుంది. అడుగు, ఇస్తదేమో."

ఆయన ఆ కాగితాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "లొల్లి చేయకు," అన్నాడు. నేను లొల్లి చేయడంలేదు. చట్టం ప్రకారం మాట్లాడుతున్నాను.

"గట్ల ఇస్తే అబద్ధం కాదా?"

"నువ్వు చేసింది రాస్తే అబద్ధమెట్లయితది? చేయంది రాస్తే అయితది. కూసో. ఇంటర్వ్యూ."

పిల్లలు బడికి పోయాక వంటింటి గడపమీద కూర్చున్నాం. ఆయన రాసుకున్న మొదటి బయోడేటా తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాను. ఒక్కొక్క ముక్కా చదువుతూ, "ఇది నీ చేత్తో చేసినవా?" అని అడిగాను.

"ఆర్థికం."

"చేసిన కదా."

"సేల్స్‌టాక్స్ రిటర్నులు ఎవరు నింపిన్రు? బ్యాంకుకు ఎవరు పోయిన్రు?"

"నువ్వు."

కొట్టేశాను.

"సిబ్బంది."

"పనోళ్లకు నేనే నేర్పిన."

"నేర్పినవ్. అది ఉంటది. కూలీ కట్టింది, హాజరు రాసింది, పండుగకు సెలవులు తేల్చింది ఎవరు?"

"నువ్వే."

సగం కొట్టేసి, సగం ఉంచాను.

"అమ్మకం."

ఇక్కడ ఆయన తలవంచుకున్నాడు. ఆయనకు అమ్మడం రాదు. ఎవరైనా దుకాణంవాడు "భాయ్, నాలుగు చోకులు శాంపిల్‌కు ఇవ్వు" అంటే పెట్టె మొత్తం ఇచ్చి వచ్చేవాడు. మళ్లీ అడగడానికి మొహమాటం. ఉస్మాన్‌గంజ్ ఆర్డర్లన్నీ నేను రాసిన ఉత్తరాలతో వచ్చినవే. మాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లోనే నేర్చుకుని టైపు లోయర్ పరీక్ష పాసైన ఘనత నాది. అమ్మకం అన్న ఆ ఒక్క ముక్కా నేను ఏమీ అడగకుండా ఆయనే కొట్టేశాడు.

అయితే కొట్టేయగా మిగిలింది చూస్తే చిన్నదేం కాదు. అడిగేకొద్దీ ఒక్కొక్కటే బయటికొచ్చింది. మొదట్లో వానాకాలంలో చోకులు కాలిపోయి వాపసు వస్తుండేవి. ఎందుకు కాలుతున్నాయో వెతికి, తీగ చుట్టిన బాబిన్‌కు తడి పట్టాక వార్నిష్‌లో ముంచితే లోపలి తేమ లోపలే చిక్కుకుంటోందని కనిపెట్టింది ఆయనే. ముందు ఓవెన్‌లో ఆరబెట్టి, తర్వాత ముంచి, మళ్లీ కాల్చడం మొదలుపెట్టాక వాపసులు రావడం దాదాపు ఆగిపోయింది. కరెంటు కోతల కాలంలో చేత్తో చుట్టే పనంతా కోత వేళకు మార్చి, ఓవెనూ పరీక్షలూ కరెంటున్న వేళకు పెట్టాడు. అందుకే ఆర్డరు ఆలస్యమైందని ఒక్క దుకాణంవాడూ నింద వేయలేదు. ఎన్నడూ మిషన్ ముట్టని ఆడవాళ్లకు తీగ తెగకుండా చుట్టడం నేర్పాడు. షెడ్డు మూసేదాకా వాళ్లలో ఎవరూ మానిపోలేదు.

"గిది రాయలేదెందుకు?" అన్నాను.

"గిది పని. గిదేమన్న గొప్పనా?"

"అక్కడ పనికే మనిషి కావాలంటున్నరు. గొప్పకు కాదు."

మోటారుకైనా చోకుకైనా తీగ చుట్టి, వార్నిష్‌లో ముంచి, ఓవెన్‌లో కాల్చేదే. వాళ్లకు కావలసిన మనిషి మా షెడ్డులోనే తయారై కూర్చున్నాడు. 'సర్వాధికారి' అని రాసుకుని తనను తానే కనబడకుండా చేసుకున్నాడు.

కొత్త బయోడేటా నేనే రాశాను. యజమాని అన్న మాటే ఎక్కడా వాడలేదు. అలాగని దాచనూ లేదు: "భార్య పేరున నమోదైన కుటుంబ పరిశ్రమ, నేను ఉత్పత్తి బాధ్యుడిని." దాని కింద వాపసుల సంగతి, కోత వేళల సంగతి, పని నేర్పిన సంగతి. మానేసిన కారణం ఒక్క వాక్యం: "గ్యారంటీ గల పెద్ద కంపెనీల సరుకు రావడంతో ఆర్డర్లు తగ్గి, పనివారి కూలీ పూర్తిగా చెల్లించి పరిశ్రమ మూసివేశాం." ఎవర్నీ తిట్టలేదు, ఏడవలేదు. పైవాళ్ల కింద పనిచేస్తానని ప్రమాణం రాస్తానన్నాడు ఆయన. వద్దన్నాను. సర్కారు ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ కింద పనిచేసిన ఏళ్లు పేరూ హోదాతో రాస్తే ఆ మాట అదే చెబుతుంది. గోత్రం తీసేశాను. చామనఛాయ కూడా తీసేశాను. టైపు కొట్టడానికి ఇన్‌స్టిట్యూట్‌కు పోతే మాస్టర్ ఆ కాగితం చూసి, "సుగుణవంతుడు కూడా తీసేసిన్రా?" అని చాలా బాధపడ్డాడు.

దానికి జతగా అనుభవ పత్రం కూడా అక్కడే నేను టైపు కొట్టి, సంతకం పెట్టి, ఫ్యాక్టరీ ముద్ర వేశాను. ఆ ముద్ర మళ్లీ అవసరపడుతుందనుకోలేదు.

ఇంటర్వ్యూ అయింది. బాగా జరిగిందన్నాడు. మిషన్లున్న షెడ్డులోకి తీసుకెళ్లి చూపించారట, అక్కడ నోరు దానంతటదే తెరుచుకుందట. కానీ పాత యజమానిని విచారించాకే ఖరారు చేస్తామన్నారట. కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం చేతిలో ఫైలుతో, చెమటతో తడిసిన చొక్కాతో ఒక పెద్దమనిషి మా వీధిలో పలక వెతుక్కుంటూ వచ్చాడు. ఆ మోటార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసరు. మా ఆయన ఇంట్లో లేడు. నేను పప్పు చెరుగుతున్నాను.

"ఈ కంపెనీ ప్రొప్రయిటర్‌ను కలవాలమ్మా. ఆఫీసు ఎక్కడ?"

"నేనే సార్. ఆఫీసు ఇదే." చాట పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాను.

ఆయన ఫైలు చూశాడు, నన్ను చూశాడు, చాటను చూశాడు. "ఈ సర్టిఫికెట్‌లో ఉన్నాయన మీకేమవుతాడు?"

"బయోడేటాల రాసినం కదా సార్. మా ఆయన."

"భార్య ఇచ్చిన సర్టిఫికెట్ ఎట్లా నమ్మాలమ్మా?" అంటూ నవ్వాడు.

"భార్య ఇచ్చింది కాదు సార్, రిజిస్ట్రేషన్ నా పేరుమీద ఉంది. చూసుకోండ్రి." కాగితాలన్నీ ముందు పెట్టాను. మంచినీళ్లు ఇచ్చాను. ఆయన నవ్వడం మానేసి చదవడం మొదలుపెట్టాడు.

తర్వాత మామూలుగా ప్రతి యజమానినీ అడిగే ప్రశ్నలే అడిగాడు. సమయానికి వస్తాడా, చెప్పిన మాట వింటాడా. పని దగ్గర వింటాడని చెప్పాను. ఇంట్లో సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆఖరుకు పెన్ను మూసి అడిగాడు.

"రేపు మీ కంపెనీ మళ్లీ తెరిస్తే ఈయన్ని మళ్లీ పనిలో పెట్టుకుంటారా?"

నేను వెంటనే 'పెట్టుకుంట' అనాల్సింది. నోట్లో ఆ మాట ఉంది. ఇంటికి జీతం కావాలి, పిల్లల ఫీజులున్నాయి, మా ఆయన పొద్దున్నే ఖాళీ షెడ్డులో నిలబడుతున్నాడు. కానీ ఆఫీసరు అడిగింది భార్యను కాదు. భార్య మాటైతే నమ్మనని ముందే చెప్పాడు.

"వైండింగ్‌కు, టెస్టింగ్‌కు, పని నేర్పేందుకు పెట్టుకుంట సార్. గీ బస్తీల అంత మంచోడు నాకు దొరకడు. అమ్మకానికి మాత్రం పెట్టుకోను. ఆయన్ని అమ్మకంల పెడితే మీ మోటార్లు దానం పోతయ్."

ఆఫీసరు పకపకా నవ్వాడు. "మాకు వైండింగ్‌కే కావాలమ్మా," అన్నాడు. లేచేటప్పుడు వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ, "నేను ఎందరో యజమానుల్ని అడిగాను. మనిషి దేనికి పనికిరాడో కూడా చెప్పిన యజమాని మీరొక్కరే," అన్నాడు. ఆయన సందు మలుపు తిరిగేదాకా గడపలోనే నిలబడి చూశాను. ఎక్కువ మాట్లాడి ఉద్యోగం పోగొట్టానేమోనని సాయంత్రం దాకా మా ఆయనకు చెప్పలేదు.

ఉద్యోగం ఆర్డరు వచ్చింది. ఉద్యోగంలో చేరేముందు పాత యజమాని దగ్గర నుంచి రిలీవింగ్ లెటర్ తేవాలని దాని కింద రాసి ఉంది. నేను మళ్లీ టైపు కొట్టాను. "ఈ సంస్థ విధుల నుండి ఇతనిని విడుదల చేస్తున్నాము. సంస్థకు ఇతను ఇవ్వవలసినది ఏమీ లేదు." ముద్ర వేసి చేతికిచ్చాను. ఆయన చదివి, మళ్లీ చదివి, నా ముందే కన్నీళ్లు పెట్టుకున్నాడు. షెడ్డు మూసిన రోజు ఏడవని మనిషి. ఇన్నాళ్లూ ఆయనను పొమ్మని ఎవరూ అనలేదు కదా, అందుకే రోజూ తాళం తీస్తున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. నాకూ ఏడుపొచ్చింది. పాలు తెచ్చే విధుల నుంచి మాత్రం విడుదల లేదని చెప్పాను.

"మరి నీకెవరిస్తరు గిది?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"ఏది?"

"రిలీవింగ్. నువ్వు మాలికిన్‌వి. నీకెవరిస్తరు?"

నేను నవ్వేశాను. మరుసటి ఆదివారం ఆయన శాలిబండకు పోయి ఒక కాగితం తెచ్చాడు. గడపమీద కూర్చుని మేం కొట్టేసిన ముక్కలన్నీ ఆయన పారేయలేదు. సేల్స్‌టాక్స్ రిటర్నులు, బ్యాంకు, హాజరు, కూలీ, ఆర్డర్ల ఉత్తరాలు, ఉస్మాన్‌గంజ్ ఖాతాలు, అన్నీ వరుసగా టైపు కొట్టించాడు. పైన నా పేరు. గోత్రం లేదు, ఒంటిచాయ లేదు. దాని కింద అనుభవ పత్రం, సంతకం మా ఆయనది, హోదా దగ్గర 'మాజీ ఉద్యోగి'.

ఉద్యోగి యజమానికి సర్టిఫికెట్ ఇవ్వడం ఎక్కడైనా ఉందా అని నేను గొడవ పడ్డాను. పడుతూనే దాన్ని మడిచి బీరువాలో పెట్టాను, మరుసటి నెల తీసి, మా వైపు ఒక బడి ఆఫీసులో క్లర్కు ఖాళీ ఉందంటే పట్టుకుపోయాను. కాగితం కింద ఉన్న సంతకం ఎవరిదని హెడ్‌మిస్ట్రెస్ అడిగింది. నా దగ్గర పనిచేసినతను అన్నాను. మీకేమవుతాడు అంది. చెప్పాను. ఆమె కూడా మోటార్ల ఫ్యాక్టరీ ఆఫీసరు నవ్వినట్టే నవ్వింది. తర్వాత టైపు పరీక్ష పెట్టింది. ఆ క్లర్కు కుర్చీలోనే రిటైరయ్యేదాకా పనిచేశాను.

ఆ కాగితం ఇప్పటికీ ఉంది. అందులో ఒక్క ముక్క మాత్రం ఆయన నన్ను అడగకుండా రాశాడు. 'మానేసిన కారణం' అన్నచోట ఇట్లా ఉంది: "ఆమె దగ్గర చివరిదాకా మిగిలిన ఒకే ఒక్క పనివాడికి వేరే చోట ఉద్యోగం దొరికింది."